తక్కువ డబ్బుతో యానివర్సరీ గిఫ్ట్: ఎంచుకోవడం నుంచి చేతికి ఇచ్చేదాకా

"యానివర్సరీ మూడు వారాల్లో ఉంది. చేతిలో పెద్దగా డబ్బు లేదు. ఏం ఇవ్వాలి?" చదువుకుంటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబుగా వస్తువుల జాబితాలు ఎన్నైనా దొరుకుతాయి. కానీ ఆ జాబితా రాసినవాళ్లకు మీ మనిషి ఎవరో తెలియదు. అందుకే ఇక్కడ జాబితా ఇవ్వడం లేదు. ఎలా ఎంచుకోవాలో చెప్పి, అలా ఎంచుకున్న ఒక కానుకను మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. ఆ కానుక చేత్తో కుట్టిన పదహారు పేజీల చిన్న పుస్తకం. మీకు తగిన కానుక అది కాకపోవచ్చు. ఆ సంగతి మూడో మెట్టులో తేలిపోతుంది.

## 1. వెతకడానికి ముందే హద్దులు రాసుకోండి

ముందు షాపులు చూసి తర్వాత బడ్జెట్ అనుకుంటే ఆ బడ్జెట్ నిలవదు. నచ్చినది కనిపించగానే "ఇంకొంచెమే కదా" అనిపిస్తుంది. అందుకే ఏదీ చూడకముందే మూడు హద్దులు కాగితం మీద పెట్టండి.

డబ్బు. ఈ నెల అద్దె, భోజనం, ప్రయాణం, ఫీజు పోగా మిగిలేది ఎంతో లెక్కవేయండి. అందులో సగం దాటకండి. ఆ సగం మొత్తాన్నీ వస్తువు మీదే పెట్టకూడదు. ప్రింట్లు, ప్యాకింగ్, పంపే ఖర్చు, ఒకసారి చెడిపోతే మళ్లీ చేసే ఖర్చు కూడా అందులోంచే రావాలి. వీటికోసం మూడో వంతు పక్కన పెడితే చివరి రోజు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. అప్పు చేసిగానీ వాయిదాల మీదగానీ కొనేది ఏదైనా ఈ లెక్క బయటిదే.

గంటలు. చేత్తో చేసేవి డబ్బు బదులు సమయం తీసుకుంటాయి. ఈ పుస్తకానికి మొత్తం ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది, అదీ నాలుగైదు విడతలుగా. అదే వారంలో పరీక్షలుంటే ఇంకేదైనా ఆలోచించండి.

దాచుకునే చోటు. దీన్ని చాలామంది పట్టించుకోరు. తను హాస్టల్లో నలుగురితో ఉంటున్నా, మీ సంగతి ఇంట్లో ఇంకా తెలియకపోయినా, పెద్ద ఫ్రేమూ గోడకు తగిలించే ఫోటోలూ తనకు తలనొప్పే. చదివే పుస్తకాల మధ్య ఇమిడిపోయేది ఇస్తే తను దాన్ని దగ్గర పెట్టుకోగలిగే అవకాశం ఎక్కువ.

ఖరీదు తక్కువైతే చిన్నచూపు చూస్తారేమో అన్న టెన్షన్ గురించి ఒక మాట. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో దీని మీదే అధ్యయనం ప్రచురించారు. ఖరీదు పెరిగేకొద్దీ అవతలివాళ్ల సంతోషం పెరుగుతుందని ఇచ్చేవాళ్లు నమ్మారు. తీసుకున్నవాళ్ల మాటల్లో మాత్రం ఆ సంబంధం కనిపించలేదు.

ఇంకో పని ఉంది, కొంచెం మొహమాటంగా ఉన్నా చేయండి. ఇద్దరూ చదువుకుంటున్నట్లయితే "ఈసారి ఇద్దరం ఇంతలోపే" అని ముందే మాట అనుకోండి. ఒకరు చాలా ఎక్కువ పెడితే రెండోవాళ్లకు అది భారమే అవుతుంది.

## 2. వారం రోజులు ఆనవాళ్లు పట్టండి

"నీకేం కావాలి?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "ఏమీ వద్దు" అనే. కాబట్టి అడగకుండా గమనించాలి. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, వారం రోజులపాటు ఈ నాలుగు రకాల ఆనవాళ్లు రాసుకోండి.

- తను మళ్లీ మళ్లీ చేసే చిన్న ఫిర్యాదు.
- ఒకటికి రెండుసార్లు అడిగిన ప్రశ్న, లేదా రెండుసార్లు చెప్పిన జ్ఞాపకం.
- పారేయకుండా దాచుకునే వస్తువు.
- పాడైపోయినా వదలకుండా వాడుతున్న వస్తువు.

తను వాడిన మాటల్నే రాయండి. "సంగీతం ఇష్టం" అని రాస్తే అది ఎందుకూ పనికిరాదు, అందరికీ ఇష్టమే. "నిద్రపోయే ముందు ఒకే పాట పెట్టుకుని, సగంలో ఆపేస్తుంది" అని రాస్తే అందులో ఒక మనిషి కనిపిస్తుంది.

పాత చాట్‌లు కూడా తిరగేయండి. వాట్సాప్‌లో ఆ సంభాషణ తెరిచి, "గుర్తుందా", "కావాలి", "పాడైంది", "పోయింది" లాంటి మాటలతో ఒక్కొక్కటిగా వెతికితే మీరు మరిచిపోయినవి చాలా బయటపడతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసే అలవాటుంటే రెండు మూడు స్పెల్లింగ్‌లతో వెతకాలి.

## 3. మూడు ప్రశ్నలతో వడకట్టండి

ఆనవాళ్ల నుంచి నాలుగైదు ఆలోచనలు రాసుకోండి. ఒక్కోదాన్నీ ఈ మూడు ప్రశ్నల ముందు నిలబెట్టండి.

ఇదే కానుకను ఇంకొకరికి ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చంటే అది మంచి వస్తువే కావచ్చు గానీ మీ ఇద్దరిది కాదు. మగ్గు మీద ఫోటో వేయించినంత మాత్రాన ఈ పరీక్ష దాటదు. ఫోటో మారిస్తే అది ఎవరి మగ్గయినా అవుతుంది.

నెల తర్వాత ఇది ఎక్కడ ఉంటుంది? గిఫ్ట్ విప్పే ఆ రెండు నిమిషాల గురించే మనం ఎక్కువ ఆలోచిస్తాం. పెట్టె లోపల పెట్టె, గది నిండా బెలూన్లు ఆ నిమిషాల కోసమే. మర్నాటి నుంచి అది వాడుకలో ఉంటుందా, చదువుతారా, అటకెక్కుతుందా అన్నది చూడండి.

దీన్ని ఎందుకు ఇస్తున్నానో ఒక్క వాక్యంలో చెప్పగలనా? "నువ్వు ఫలానా రోజు ఇలా అన్నావు కాబట్టి" అని వాక్యం మొదలవ్వాలి. "బాగుంది కదా అని" మొదలైతే పక్కన పెట్టండి.

ఇక్కడ చాలామంది జంకుతారు. జ్ఞాపకాలతో ముడిపడినది ఇస్తే నచ్చుతుందో లేదో, టీషర్ట్ అయితే గ్యారంటీ అనుకుంటారు. జూలియన్ గివి, జెఫ్ గలాక్ 2017లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ జంకు గురించే. తీసుకునేవాళ్లు కోరుకున్నంత తరచుగా ఇచ్చేవాళ్లు జ్ఞాపకాల కానుకను ఎంచుకోవడం లేదనీ, తప్పవుతుందేమో అన్న భయమే దానికి కారణమనీ వాళ్లు తేల్చారు.

అయినా అందరికీ జ్ఞాపకాల పుస్తకం సరిపడదు. టికెట్లు వెంటనే చింపి పారేసేవాళ్లు, చాట్‌లు ఖాళీ చేసుకునేవాళ్లు, గదిలో అదనపు కాగితం ఉంటే చిరాకుపడేవాళ్లు ఉంటారు. వాళ్లకు నాలుగో రకం ఆనవాలు పట్టుకోండి. తెగిపోయిన బ్యాగు పట్టీ, ఆగిపోయిన తాతగారి వాచీ బాగుచేయించి ఇస్తే పుస్తకంకన్నా వంద రెట్లు నయం. ఒక్క జాగ్రత్త: పాత వస్తువును బాగుచేసేవాళ్ల చేతికిచ్చేటప్పుడు "పనిచేసేలా చేస్తే చాలు, పాలిష్ చేయొద్దు, పాత భాగాలు తిరిగి ఇవ్వండి" అని స్పష్టంగా చెప్పాలి. తను గుర్తుపట్టే గీతలు మాయమైపోతే బాగుచేసినా అది పాత వాచీ కాదు.

## 4. ఒక ఎంపిక, మొదటినుంచి

ఇద్దరు వేర్వేరు ఊళ్లలో చదువుకుంటున్నారు. నెలకోసారి కలుస్తారు. పరిచయమై ఏడాది నిండబోతోంది. ఆమె వారం రోజుల్లో రాసుకున్న ఆనవాళ్లు ఇవి: అతని ఛార్జింగ్ వైరు వంచి పట్టుకుంటేగానీ పనిచేయదు. రూమ్మేట్ నిద్రపోయాక లైటు వేసి చదువుకోలేకపోతున్నాడు. బస్సు టికెట్లను కాలిక్యులేటర్ కవర్లో దాచుకుంటాడు. "మనం మొదటిసారి ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తే లేదు, నీకెలా గుర్తుంటాయి?" అని రెండుసార్లు అడిగాడు.

వాటి నుంచి నాలుగు ఆలోచనలు వచ్చాయి: వైరు, టేబుల్ ల్యాంప్, ఇద్దరి ఫోటో ఉన్న మగ్గు, ఏడాది కబుర్ల పుస్తకం.

మగ్గు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. వైరు అతనికి నిజంగా అవసరమే, కానీ అవసరమైనదాన్ని ఈరోజే కొనివ్వొచ్చు, యానివర్సరీ దాకా ఆగడం దేనికి? ల్యాంప్ మూడు ప్రశ్నలకూ ఓ మాదిరిగా నిలబడింది. నెల తర్వాతా వాడుతాడు, ఎందుకిచ్చిందో చెప్పగలదు. కానీ కాస్త మంచిది తీసుకోవాలంటే ఆమె గీసుకున్న గీత దాటుతోంది. నాసిరకంది కొంటే పరీక్షల ముందే పాడవుతుంది.

పుస్తకం మిగిలింది. దాచుకునే అలవాటు ఉన్నవాడు, అడిగిన ప్రశ్నకు జవాబు అందులో ఉంది, కాలిక్యులేటర్ పక్కన పట్టే సైజు. ఇదే అతను ఏదీ దాచుకోని మనిషైతే, ఇంకో నెల డబ్బు కూడబెట్టి ల్యాంప్ ఇవ్వమనేవాణ్ని, ఆలస్యమైనా సరే.

## 5. పుస్తకంలో ఏం రాయాలి

పదహారు పేజీలు చాలు. ఇంకా పెంచితే సగం నుంచి మాటలు పల్చబడతాయి. అట్ట వేరుగా ఉంటుంది. మొదటి పేజీ పేరుకూ తేదీకీ పోతే లోపల పదిహేను మిగులుతాయి. పన్నెండు జ్ఞాపకాలు రాసి, మూడు పేజీలు ఫోటోలకు వదలండి.

నెలకొకటి చొప్పున పంచాలని చూడకండి. కొన్ని నెలల్లో ఏమీ జరిగి ఉండదు, ఇంకో నెలలో నాలుగు ఉంటాయి. జరిగినదాన్ని బట్టే పేజీలు ఇవ్వండి.

ప్రతి పేజీలో మూడు విషయాలు ఉండాలి: ఎక్కడ, ఎప్పుడు, తను అన్న ఒక మాట. వీలైతే నాలుగు పంక్తులు దాటొద్దు. తేడా చూడండి.

పనికిరానిది: "నువ్వు నా జీవితంలోకి వచ్చాక ప్రతి రోజూ ఒక పండగే."

పనికొచ్చేది: "లైబ్రరీ మెట్లు, సాయంత్రం. నా పెన్ను తీసుకుని మూత మాత్రం తిరిగిచ్చావు. 'పెన్ను రేపు ఇస్తా' అన్నావు. ఇంకా ఇవ్వలేదు."

మొదటిది ఎవరైనా ఎవరికైనా రాయొచ్చు. రెండోదానికి కవిత్వం అక్కర్లేదు, గుర్తుండటమే కావాలి. తేదీ గుర్తులేకపోతే ఆ రోజు తీసిన ఫోటో వివరాల్లో గానీ చాట్‌లో గానీ దొరుకుతుంది. దొరక్కపోతే "వర్షాలు మొదలైన వారం" అని రాసినా చాలు. తేదీ మాత్రం ఊహించి వేయకండి. తనకు గుర్తుంటే దొరికిపోతారు.

కొన్నింటిని బయటే ఉంచాలి. పెద్ద గొడవలు, ఏడ్చిన రాత్రులు, స్నేహితుల గురించి చాటుగా అనుకున్న మాటలు, ఇంకొకరు చదివితే తను ఇబ్బందిపడే మెసేజ్‌లు పెట్టొద్దు. ఈ పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు రూమ్మేట్ చేతిలోనో తమ్ముడి చేతిలోనో పడుతుందనుకునే రాయండి.

ముందు మామూలు నోట్‌బుక్‌లో చిత్తుప్రతి రాసి, ఒక రోజు వదిలేసి, మళ్లీ చదవండి. పైకి చదివినప్పుడు మీకే నవ్వొచ్చే వాక్యాలు కొట్టేయండి. నవ్వించాలని రాసినవి తప్ప.

## 6. టికెట్లు, ఫోటోలు: ఇక్కడే ఎక్కువ చెడిపోతాయి

బస్సు టికెట్లు, బిల్లులు, సినిమా హాలు కౌంటర్లో ఇచ్చే చీటీలు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి. అందులో ఇంకు ఉండదు. కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలి నల్లబడటం వల్ల అక్షరాలు వస్తాయి. అందుకే వెలుతురుకీ వేడికీ కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి. కొన్ని రకాల జిగుర్లు, ప్లాస్టిక్ కవర్లు తగిలినా అంతే.

ఏది థర్మలో తెలియాలంటే, వెనక్కో అంచునో గోటితో గట్టిగా గీయండి. రెండు వైపులా గీసి చూడండి. నల్లటి గీత పడితే థర్మలే. దాన్ని లామినేషన్‌కు ఇచ్చారో, ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడిపోతుంది. ఇక తిరిగి రాదు.

కాబట్టి అసలు టికెట్లు అతికించకండి. జెరాక్స్ తీయించి ఆ కాపీ కత్తిరించి అతికించండి. ఏడెనిమిది టికెట్లు ఒకే కాగితం మీద పరిస్తే ఒక్క జెరాక్స్‌లో అయిపోతుంది. అప్పటికే వెలిసిపోయినదాన్ని పగటి వెలుతురులో ఫోటో తీసి, ఫోన్‌లోనే కాంట్రాస్ట్ పెంచి చూడండి. చాలాసార్లు అక్షరాలు కాస్త పైకి తేలతాయి. అసలువి కావాలనుకుంటే చివరి అట్టలో మామూలు కాగితంతో చిన్న జేబు కట్టి అందులో వేయండి.

మన ఉదాహరణలో టికెట్లు అతని దగ్గరున్నాయి. ఆమె దగ్గర తన వైపు ప్రయాణాలవి మాత్రమే ఉన్నాయి. అదే మేలైంది, అతని దగ్గర లేనివే పుస్తకంలోకి వచ్చాయి.

ఫోటోల విషయంలో సైజు చిన్నగా పెట్టుకోవడమే పొదుపు, అదే నాణ్యత కూడా. 4 × 6 అంగుళాల ప్రింట్ స్పష్టంగా రావాలంటే దాదాపు 1200 × 1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు కుదించుకుపోయి ఉంటాయి కాబట్టి అంత పెద్ద సైజుకు కొన్నిసార్లు సరిపోవు. అదే ఒక ప్రింట్‌లో నాలుగు ఫోటోలు పేర్చితే ఒక్కోటీ 2 × 3 అంగుళాలు అవుతుంది. దానికి 600 × 900 చాలు. ఫోన్‌లోని కొలాజ్ యాప్‌తో నాలుగింటిని ఒకే చిత్రంగా చేసి, రెండు ప్రింట్లు తీయిస్తే ఎనిమిది ఫోటోలు వస్తాయి.

స్క్రీన్ మీద కనిపించినదానికన్నా ప్రింట్ కొంచెం ముదురుగా వస్తుంది. రాత్రి తీసిన ఫోటోల వెలుతురు ముందే కాస్త పెంచండి.

## 7. కాగితం, మడత, పేజీల వరుస

కావలసినవి:

- ఎ4 కాగితాలు నాలుగు, చెడిపోతాయని అదనంగా రెండు. కాగితం ఎంత బరువైనదో చెప్పే జీఎస్ఎం 100 నుంచి 120 ఉంటే వెనక్కి అక్షరాలు అంతగా కనిపించవు. మామూలు జెరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం ఉంటుంది, దాని మీద రెండు వైపులా రాస్తే మసకగా తయారవుతుంది.
- అట్టకు 200 నుంచి 250 జీఎస్ఎం షీటు ఒకటి, అదే ఎ4 సైజు.
- గట్టి కాటన్ దారం 60 సెంటీమీటర్లు, దానికి తగిన సూది.
- రంధ్రాలకు లావు సూది లేదా దబ్బనం, కింద పెట్టుకోవడానికి పాత మందపాటి పుస్తకం.
- గ్లూ స్టిక్, స్కేలు, పెన్సిల్, కత్తెర, ఇంకు అయిపోయిన బాల్‌పెన్.

నాలుగు కాగితాల్నీ ఒక్కొక్కటిగా సగానికి మడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టండి. ఎ5 సైజులో పదహారు పేజీల పుస్తకం వస్తుంది. అన్నీ కలిపి ఒకేసారి మడిస్తే మడత గుండ్రంగా వస్తుంది. అట్ట మందం కాబట్టి నేరుగా మడిస్తే మడత దగ్గర పగుళ్లు వస్తాయి. నడిమధ్యన స్కేలు పెట్టి ఇంకులేని పెన్నుతో రెండుసార్లు గట్టిగా గీసి, ఆ గాడి వెంట మడవండి.

ఇప్పుడు ముఖ్యమైన పని. పుస్తకం కలిపి ఉండగానే ప్రతి పేజీ మూలనా పెన్సిల్‌తో 1 నుంచి 16 దాకా అంకెలు వేయండి. ఆ తర్వాతే విడదీసి రాయడం మొదలుపెట్టండి. విడదీశాక ఒకే కాగితం మీద 1, 16 పక్కపక్కన కనిపిస్తాయి, దాని వెనక 2, 15. తప్పు అనిపిస్తుంది గానీ అదే సరి. ఒకే వైపు కనిపించే రెండు అంకెల మొత్తం ఎప్పుడూ 17 వస్తుంది. రాకపోతే అంకెలు వేయడంలో పొరపాటు జరిగినట్టు.

8, 9 పేజీలు మధ్య కాగితం లోపలి వైపు ఎదురెదురుగా వస్తాయి. దారం కనిపించేదీ అక్కడే. రెండు పేజీలకూ పరుచుకునే ఫోటో పెట్టాలనుకుంటే ముడి దాని మీద పడుతుంది, వద్దు.

మడత వైపు రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలి రాయండి. జెల్ పెన్ను వాడితే ఆరేదాకా పేజీ మూయొద్దు. అతికించడానికి నీళ్లలాంటి గమ్ వాడితే కాగితం ముడతలు పడుతుంది. గ్లూ స్టిక్‌ను అంచులదాకా రాసి, పైన తెల్లకాగితం వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి.

ఒక ఆకుకు ఒక వైపే అతికించాలి. రెండు వైపులా ఫోటోలు పెడితే బయటి అంచు దగ్గర మందం పెరిగి పుస్తకం మూసుకోదు, నోరు తెరుచుకునే ఉంటుంది. మన లెక్కలో ఎనిమిది ఫోటోలు, మూడు ఫోటో పేజీలు. కాబట్టి ఒక్కో పేజీలో రెండో మూడో చిన్నవి వస్తాయి. ఆ మూడు పేజీలూ వేర్వేరు ఆకుల మీద ఉండేలా చూసుకోండి. 5, 9, 13 పేజీలు ఇస్తే సరిపోతుంది. వాటి వెనక వైపు రాత మాత్రమే ఉండాలి. టికెట్ కాపీలకు మిగిలిన ఆకులున్నాయి.

## 8. కుట్టు

అంతా రాసి, అతికించి, ఆరాకే కుట్టాలి.

1. అంకెల ప్రకారం కాగితాలు పేర్చి, అట్టలో పెట్టి, పై అంచు సమంగా ఉండేలా టేబుల్ మీద తట్టండి. రెండు పక్కలా క్లిప్పులు పెట్టండి.
2. పుస్తకం మధ్యలో తెరవండి. మడత పొడవు 21 సెంటీమీటర్లు. పై నుంచి 3.5, 10.5, 17.5 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ చుక్కలు పెట్టండి.
3. పాత పుస్తకం మీద సగం తెరిచి ఉంచి, చుక్కల దగ్గర లోపలి నుంచి బయటికి గుచ్చండి. రంధ్రం సరిగ్గా మడత మీదే పడాలి. పక్కకు జరిగితే అక్కడ కాగితం చిరుగుతుంది.
4. లోపలి నుంచి మధ్య రంధ్రంలోంచి సూది బయటికి తీయండి. లోపల పది సెంటీమీటర్ల తోక వదలండి.
5. బయటి వైపు పై రంధ్రానికి వెళ్లి, అందులోంచి లోపలికి రండి.
6. లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి నేరుగా కింది రంధ్రానికి వెళ్లి, బయటికి తీయండి.
7. బయటి నుంచి మధ్య రంధ్రంలోకి మళ్లీ లోపలికి రండి. ముందున్న దారాన్ని సూదితో గుచ్చకుండా చూసుకోండి.
8. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉన్నాయి. మధ్యలో నిలువుగా పోయిన పొడవు దారానికి ఒక కొస ఇటు, ఒక కొస అటు ఉండాలి. దారాన్ని మడత వెంట లాగి బిగించి, ఆ నిలువు దారాన్ని కలుపుకుని రెండు ముడులు వేయండి. మొదటి ముడికి కుడి కొస పైన వేస్తే, రెండోదానికి ఎడమ కొస పైన వేయాలి. ఒకే వైపు రెండుసార్లు వేస్తే ముడి జారుతుంది.

బిగించేటప్పుడు దారాన్ని కాగితానికి అడ్డంగా పైకి లాగొద్దు, రంధ్రం చీలిపోతుంది. ముడి పడ్డాక కొసలు ఒక సెంటీమీటరు ఉంచి కత్తిరించండి.

మూసి చూస్తే మధ్య కాగితాల అంచు కొంచెం బయటికి వస్తుంది. అది లోపం కాదు, మడతలో మందం వల్ల అలాగే వస్తుంది. నచ్చకపోతే స్కేలు పెట్టి కట్టర్‌తో కొద్దికొద్దిగా కోయండి, ఒక్క ఊపులో కాదు. చివరగా పెన్సిల్ అంకెలు చెరిపేయండి.

మొదటిసారైతే ఖాళీ కాగితాలతో ఒక చిన్నదాన్ని కుట్టి చూడండి. అరగంట పని, అసలుది పాడవకుండా ఉంటుంది.

## 9. చెడిపోతే ఏం చేయాలి

ఒక పేజీలో తప్పు రాశారు. వైట్‌నర్ వద్దు, ముద్దలా కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని వేరే చిన్న కాగితం మీద రాసి దాని మీద అతికించండి. మిగతా రెండు మూడు పేజీల్లోనూ అలాంటి చీటీలు పెడితే కావాలని చేసినట్టే ఉంటుంది.

కుట్టాక పేజీ వరుస తప్పిందని తెలిసింది. ముడి కత్తిరించి, దారం తీసేసి, సరిచేసి, అవే రంధ్రాల్లో కొత్త దారంతో కుట్టండి. కొత్త రంధ్రాలు వేయొద్దు.

దారం వదులుగా ఉంది. ముడి దగ్గర లాగితే బిగియదు. విప్పి మళ్లీ వేయాల్సిందే.

పది జ్ఞాపకాలే దొరికాయి. లాగి సాగదీయకండి. మూడు కాగితాలతో పన్నెండు పేజీల పుస్తకం చేయండి, ఫోటో పేజీ ఒకటే ఉంచండి. అప్పుడు పక్కపక్క అంకెల మొత్తం 13 రావాలి.

రాత బాగోలేదు. పెద్ద సమస్య కాదు, తను రోజూ చూసే రాతే అది. అయినా గీతలు వంకర పోతాయనుకుంటే, ముదురు గీతలు గీసిన కాగితాన్ని కింద పెట్టుకుని రాయండి. 120 జీఎస్ఎం లోంచి కూడా అవి మసకగా కనిపిస్తాయి.

మూడు రోజులే ఉన్నాయి. పుస్తకం మానేయండి. చిత్తుప్రతిలో బాగా వచ్చిన నాలుగు జ్ఞాపకాల్ని ఒకే ఎ4 కాగితం మీద శుభ్రంగా రాసి, నాలుగు మడతలు పెట్టి ఇవ్వండి. హడావుడిగా కుట్టిన పుస్తకంకన్నా అది మెరుగ్గా ఉంటుంది.

## 10. రోజుల లెక్క, ఇచ్చే తీరు

యానివర్సరీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి.

- 21 రోజుల ముందు: హద్దులు రాయడం, ఆనవాళ్లు పట్టడం మొదలు.
- 14 రోజుల ముందు: మూడు ప్రశ్నలతో వడపోత, ఒకటి ఖాయం.
- 12 నుంచి 9: చిత్తుప్రతి, ఫోటోలు, టికెట్ల వెతుకులాట.
- 8: ప్రింట్లు, జెరాక్స్, కాగితం అన్నీ ఒకే రోజు.
- 7, 6: రాయడం, అతికించడం.
- 5: కుట్టు.

మిగిలిన నాలుగు రోజులు ఖాళీగా ఉంచండి. పోస్టులోనో కొరియర్‌లోనో పంపాలంటే అవి అందుకే. దూరం ఎక్కువైతే మొత్తం లెక్కను ఇంకో వారం ముందుకు జరపండి. పంపేటప్పుడు రెండు గట్టి అట్టముక్కల మధ్య పెట్టి, తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి, దానిపైన కాగితం చుట్టండి. వెనక జేబులో అసలు థర్మల్ టికెట్లు ఉంటే వాటిని మాత్రం పుస్తకంలో పంపకుండా విడిగా కాగితపు కవర్లో పెట్టండి, కలిసినప్పుడు జేబులో వేయొచ్చు.

చేతికిచ్చేటప్పుడు "పెద్దగా ఏం లేదు, డబ్బుల్లేక ఇలా" అని మొదలుపెట్టకండి. అవతలివాళ్లు అప్పుడు పుస్తకం చూడటం మానేసి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు. మూడో మెట్టులో రాసుకున్న ఆ ఒక్క వాక్యం చెబితే చాలు. మన ఉదాహరణలో అది ఇలా ఉంది: "మొదటిసారి ఏం మాట్లాడుకున్నామని రెండుసార్లు అడిగావు, మూడో పేజీలో ఉంది."

తను చదువుతున్నప్పుడు పక్కన కూర్చుని ప్రతి పేజీకీ వివరణ ఇవ్వకండి. నలుగురిలో ఇచ్చి పైకి చదవమనడం అసలే వద్దు. కొందరు అక్కడికక్కడే చదవరు, గదికి వెళ్లాక ఒంటరిగా చదువుకుంటారు. అలాంటప్పుడు ఆ రాత్రే "ఎలా ఉంది?" అని మెసేజ్ పెట్టి తొందరపెట్టకుండా, మర్నాడు తనే మాట ఎత్తేదాకా ఆగండి.